ఒక్కరోజు ముందు కొంటే డివిడెండ్ ఊరికే వస్తుందా?

‘400 శాతం డివిడెండ్’ అన్న వార్త చూసి ఆశపడేవాళ్లు ముందు ఆ శాతం దేని మీదో చూసుకోవాలి. అది షేరు ముఖవిలువ మీద లెక్క. ముఖవిలువ 5 రూపాయలైతే చేతికొచ్చేది షేరుకు 20 రూపాయలు. మార్కెట్లో ఆ షేరు ధర 500 ఉందనుకుంటే, నిజంగా వచ్చేది 4 శాతమే.

ఈ 20 రూపాయలు ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి కంపెనీ ఒక తేదీ ప్రకటిస్తుంది. అదే రికార్డ్ డేట్. ఆ రోజు ముగిసేసరికి ఎవరి డీమ్యాట్ ఖాతాలో షేర్లుంటే వాళ్లకే డివిడెండ్. మన దేశంలో ఈరోజు కొన్న షేర్లు మర్నాటి పనిదినానికి ఖాతాలో పడతాయి. 2023 జనవరి చివరికి అన్ని షేర్లకూ ఈ పద్ధతే వచ్చింది. కాబట్టి రికార్డ్ డేట్ గురువారమైతే బుధవారమే కొనాలి. గురువారం కొన్నవి శుక్రవారం గానీ రావు. డివిడెండ్ హక్కు లేకుండా షేరు చేతులు మారడం మొదలయ్యే ఆ గురువారమే ఎక్స్‌-డివిడెండ్ డేట్. సెలవులు అడ్డురాకపోతే రెండు తేదీలూ ఇప్పుడు సాధారణంగా ఒకటే. గురువారం ఉదయం అమ్మేసినవారికి కూడా డివిడెండ్ వస్తుంది, అది చాలామందికి తెలియదు.

మరి బుధవారం కొని గురువారం అమ్మేస్తే సరిపోతుంది కదా? అక్కడే ఉంది తిరకాసు. కంపెనీకి 10 కోట్ల షేర్లున్నాయనుకుందాం. 500 చొప్పున మార్కెట్ దానికి కట్టిన విలువ 5,000 కోట్లు. అందులోంచి 200 కోట్ల నగదు వాటాదారులకు వెళ్లిపోబోతోంది. మిగిలేది 4,800 కోట్లు, అంటే షేరుకు 480. గురువారం కొనేవాడికి ఆ 20 రూపాయలు రావని తెలుసు కాబట్టి 500 పెట్టడు. డబ్బు ఖాతాల్లో పడేది కొన్ని రోజులో వారాలో గడిచాకే అయినా, ధర మాత్రం ఎక్స్‌-డేట్ నాడే సర్దుకుంటుంది. ధరను ఎవరూ తగ్గించి రాయరు, కొనేవాళ్లే తగ్గించి అడుగుతారు. సరిగ్గా 20 రూపాయలే తగ్గాలనీ లేదు. ఆనాటి మార్కెట్ ఊపు కూడా అందులో కలిసిపోతుంది. 1,500 రూపాయల షేరుకు 5 రూపాయల డివిడెండైతే తేడా కనిపించనే కనిపించదు.

బుధవారం 100 షేర్లు కొన్నవారి లెక్క చూడండి. పెట్టింది 50,000. మర్నాడు 480కి అమ్మితే 48,000. డివిడెండ్ 2,000 వచ్చి లోటు పూడింది. కానీ డివిడెండ్ ఆదాయంలో కలుస్తుంది. 30 శాతం శ్లాబులో ఉన్నవారు సెస్సు కాక 600 పన్ను కట్టాలి. అమ్మకంలో వచ్చిన 2,000 నష్టాన్ని డివిడెండ్‌లోంచి గానీ జీతంలోంచి గానీ తీసివేయడానికి వీల్లేదు, మూలధన లాభాల్లోంచే తీసివేయాలి. బ్రోకరేజీ సరేసరి.

485 దగ్గర స్టాప్‌లాస్ పెట్టి మరిచిపోయినవారి షేర్లు కూడా ఈ సర్దుబాటుకే అమ్ముడుపోవచ్చు. మీ దగ్గరున్న కంపెనీ పెద్ద డివిడెండ్ ప్రకటిస్తే, ఎక్స్‌-డేట్‌కు ముందే ఆ ఆర్డరును ఒకసారి చూసుకోండి.