ఒక్క తప్పుడు అంకె, లేని పరుగు

ఫుట్‌బాల్ ఆటగాళ్లు జెర్సీ లోపల వేసుకునే బిగుతు బనియన్‌లో, రెండు భుజాల మధ్య, చిన్న జీపీఎస్ పరికరం ఉంటుంది. చాలా పరికరాలు సెకనుకు 10 సార్లు ఆటగాడి స్థానాన్ని, వేగాన్ని నమోదు చేస్తాయి. 90 నిమిషాల ఆటకు ఒక్కొక్కరి పేరిట 54,000 వరుసలు చేరతాయి. వాటిలో తప్పులను పట్టుకున్నాకే ఎవరెంత పరుగెత్తారన్న లెక్క మొదలుపెట్టాలి.

మొదట చూడాల్సింది వేగం కాదు, కాలం. వరుసకూ వరుసకూ మధ్య 0.1 సెకను తేడా ఉండాలి. ఒకచోట 4 సెకన్ల తేడా ఉంటే అక్కడ సిగ్నల్ తెగినట్టే. స్టేడియం పైకప్పు, ఎత్తైన గ్యాలరీలు ఉపగ్రహాలకు అడ్డు రావడం వల్ల ఇలా జరుగుతుంది. ఆ ఖాళీలో చివరి స్థానాన్నే మళ్లీ మళ్లీ రాసి నింపితే పొరపాటు కంటికి కనిపించదు. సెకనుకు 5 మీటర్ల వేగంతో పరుగెత్తుతున్న ఆటగాడు 4 సెకన్లు బొమ్మలా నిలబడి, ఆపై 0.1 సెకనులో 20 మీటర్లు దూకినట్టు వస్తుంది. నిజంగా నిలబడ్డ మనిషి స్థానం కూడా జీపీఎస్‌లో కాస్త అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. చివరి దశాంశం దాకా మారని అంకెలు వరుసగా కనిపిస్తే, అది తెగిన సిగ్నల్ గుర్తు.

తర్వాత వేగం. 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లను 9.58 సెకన్లలో ముగించిన ఉసేన్ బోల్ట్ గరిష్ఠ వేగమే సెకనుకు 12 మీటర్లను కొద్దిగా దాటింది. ఫుట్‌బాల్ మైదానంలో అంతకు మించిన అంకెను నమ్మనక్కర్లేదు. అయితే ఈ హద్దు ఒక్కటే చాలదు. నిలబడ్డ ఆటగాడికి హఠాత్తుగా 8 మీటర్ల వేగం వచ్చినా అది అసాధ్యమే. అందుకే పక్క వరుసలతో పోల్చి, మార్పు ఎంత త్వరగా వచ్చిందో కూడా చూడాలి.

ఒక ఉదాహరణ: 6.1, 6.2, 14.8, 6.3, 6.2. మధ్య అంకె తప్పని చూడగానే తెలుస్తుంది. దాన్ని తీసేయకుండా ఐదేసి వరుసలకు సగటు కడితే ఇక్కడ 7.92 వస్తుంది. ఆ తప్పుడు అంకె ఇరుగుపొరుగు సగటుల్లోకీ చేరి, వరుసగా ఐదింటిని 7 మీటర్లు దాటిస్తుంది. స్ప్రింట్‌కు తరచూ పెట్టే హద్దు ఆ 7 మీటర్లే. ఆటగాడు పరుగెత్తని అర సెకను స్ప్రింట్ అతని ఖాతాలో పడుతుంది. కాబట్టి ఏరివేత ముందు, సగటు తర్వాత.

ఒకే వరుస చెడితే ఇరుపక్కల అంకెల మధ్య విలువతో పూడ్చవచ్చు. 4 సెకన్ల ఖాళీకి అది పనికిరాదు. ఆలోగా ఆటగాడు వంపు తిరిగి ఉండొచ్చు. సరళరేఖ గీస్తే దూరం తగ్గిపోతుంది. అలాంటి భాగాన్ని ఖాళీగానే ఉంచి, ఎన్ని సెకన్లు పోయాయో నివేదికలో రాయాలి. మూల ఫైలును మాత్రం ముట్టుకోకూడదు. నిజమైన పరుగును తప్పుగా కొట్టేస్తే తిరిగి చూసుకోవడానికి మిగిలేది అదొక్కటే.