అకౌంటెంట్ డేటా వైపు వెళ్తుంటే కవర్ ఈమెయిల్‌లో ఏం రాయాలి?

ఏళ్ల తరబడి అకౌంట్స్ చూసినవాళ్లు డేటా ఎనలిస్ట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే, ముందు రెజ్యూమేనే వాళ్లకు అడ్డం పడుతుంది. పైన చూస్తే జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్, టాలీ. అడుగున ఎక్కడో ఈమధ్యే చేసిన ఒక కోర్సు. చదివేవాళ్లకు ఈ రెంటికీ పొంతన కనిపించదు. ఆ పొంతన చూపించడానికి మిగిలిన చోటు రెజ్యూమేతో పాటు పంపే ఈమెయిలే.

చాలామంది ఆ చోటును "నాకు డేటా అంటే ఎంతో ఆసక్తి" అన్న మాటతోనో, అకౌంట్స్ ఎందుకు వదిలేస్తున్నారో చెప్పే సంజాయిషీతోనో నింపేస్తారు. ఆసక్తి అందరి దరఖాస్తుల్లోనూ ఉంటుంది. కోర్సు చేసి వచ్చిన కుర్రాళ్లలో చాలామంది దగ్గర లేనిది, అకౌంటెంట్ దగ్గర ఉన్నది ఒకటుంది: తప్పులతో నిండిన అసలు డేటాను గడువులోపల పైసాతో సహా సరిచూసిన అనుభవం. అందుకే చేసిన పనుల్లో ఒక్కటి ఎంచుకుని, దాన్నే పూర్తిగా చెప్పడం మంచిది.

విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ సంస్థలో పనిచేసే అకౌంటెంట్‌ను ఊహించుకుందాం. సరఫరాదారులు తమ రిటర్నుల్లో చూపిన బిల్లులు నెలనెలా 14న జీఎస్టీ పోర్టల్‌లో GSTR-2B పేరుతో వస్తాయి. 2022 జనవరి 1 నుంచి, అందులో కనిపించని బిల్లు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోవడానికి వీల్లేదు. నెలవారీ రిటర్ను గడువు 20. ఈ కొద్ది రోజుల్లోనే కొనుగోళ్ల రిజిస్టర్‌నూ 2Bనీ బిల్లు బిల్లుకీ సరిచూడాలి.

చిక్కంతా బిల్లు నంబరు దగ్గర వస్తుంది. సరఫరాదారు ST/00457/24-25 అని వేస్తే, మన రిజిస్టర్లో 457 అని మాత్రమే ఎక్కుతుంది. VLOOKUP ఈ రెంటినీ వేర్వేరు బిల్లులుగా చూస్తుంది. సరే అని ముందున్న అక్షరాలు, సున్నాలు, చివరి సంవత్సరం తీసేస్తే కొత్త ముప్పు: అదే సరఫరాదారు CR/00457 అని ఇంకో వరుసలో వేసిన బిల్లు కూడా 457 అయి కూర్చుంటుంది. అందుకని జీఎస్టీ నంబరు, శుభ్రం చేసిన బిల్లు నంబరు, పన్ను మొత్తం మూడూ కలిపి చూడాలి. పన్నులో ఒక రూపాయి వరకు రౌండింగ్ తేడాను వదిలేయాలి. చివరికి, జత కుదిరినవీ కుదరనివీ కలిపితే రిజిస్టర్ మొత్తం రావాలి. రాకపోతే మధ్యలో ఏదో బిల్లు జారిపోయిందనో, రెండుసార్లు లెక్కకొచ్చిందనో అర్థం. ఈ చివరి సరిచూపు అకౌంటెంట్‌కు చేతికి అలవాటైపోయిన పని. డేటా టీముల్లో దీని విలువ చాలా ఎక్కువ.

ఈమెయిల్‌ను ఇంగ్లీషులోనే పంపొచ్చు. దాని సారం ఇలా ఉండాలి:

"డేటా ఎనలిస్ట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. ఆరేళ్లుగా మందుల హోల్‌సేల్‌లో అకౌంట్స్ చూస్తున్నాను. నెలకు సుమారు రెండు వేల కొనుగోలు బిల్లులను 2Bతో సరిచూసే పనిని చేత్తో చేయడం మాని పవర్ క్వెరీలోకి మార్చాను. రెండు రోజుల పని ఒక పూటకు వచ్చింది. ఆ తర్వాత పన్నెండు నెలల తేడాలను ఒకచోట పేర్చి చూస్తే, ఎక్కువ భాగం ఏడుగురు సరఫరాదారుల దగ్గరే తేలాయి. వాళ్లు రిటర్నులు ఆలస్యంగా వేస్తున్నారు. దాంతో వాళ్ల బిల్లుల్లో పన్ను భాగాన్ని 2Bలో కనిపించాకే చెల్లించాలని యాజమాన్యం నిర్ణయించింది. ఎస్‌క్యూఎల్ సొంతంగా నేర్చుకుంటున్నాను, ఆఫీసు పనిలో ఇంకా వాడలేదు. ఇదే పద్ధతిని కల్పిత డేటాతో చేసిన ఫైలు జతచేశాను."

ఇందులో బలమంతా సరఫరాదారుల సంగతి చెప్పిన మాటల్లో ఉంది. బిల్లులు సరిచూడటం వరకు అకౌంట్స్ పని. తేడాలు ఎవరి దగ్గర, ఎందుకు పేరుకుంటున్నాయని అడిగి, ఆ జవాబుతో ఒక నిర్ణయం మార్పించడం ఎనలిస్ట్ పని. చదివేవాళ్లు వెతికేది ఈ దాటడాన్నే. ఎస్‌క్యూఎల్ గురించిన మాట కూడా తీసేయకూడదు. రానిది వచ్చని రాస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే మిగతా అంకెలనూ నమ్ముతారు. ఆ అంకెలు కూడా ఎలా వచ్చాయని అడిగితే లెక్క చూపగలిగేవే అయ్యుండాలి.

సబ్జెక్ట్ లైన్‌లో ఉద్యోగం పేరు, ప్రకటనలో నంబరు ఉంటే అది, "ఆరేళ్ల అకౌంట్స్ అనుభవం" అన్న మాట చాలు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది జతచేసే ఫైలు విషయంలో. కంపెనీ పేరు చెరిపేసి అసలు రిజిస్టర్‌నే పంపేవాళ్లున్నారు. జీఎస్టీ నంబరును పోర్టల్‌లో కొడితే వ్యాపారం పేరు వచ్చేస్తుంది, రేట్లు చూస్తే పోటీవాళ్లకు అంతా తెలిసిపోతుంది. పాత యజమాని లెక్కలు బయటపెట్టినవాళ్లకు ఏ కంపెనీ తన డేటా అప్పగించదు. పేర్లు, నంబర్లు, రేట్లు అన్నీ కల్పించి ఓ రెండు వందల వరుసల ఫైలు తయారుచేసుకోవాలి. పైన చెప్పిన 457 లాంటి చిక్కుల్ని అందులో కావాలనే పెట్టాలి.