‘బ్యాట్ నాదే’, నంబర్ 7

2006 జనవరి 9న బ్రిస్బేన్‌లోని గబ్బా మైదానంలో ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా టీ20 ఆడాయి. ఆస్ట్రేలియా గడ్డ మీద జరిగిన తొలి అంతర్జాతీయ టీ20 అది. ఆ రోజు ఆతిథ్య జట్టు చొక్కాల వెనక ఇంటిపేర్ల బదులు ముద్దుపేర్లు అచ్చువేశారు. 38 వేల పైచిలుకు జనం వచ్చారు, మార్టిన్ 96 కొట్టాడు, ఆస్ట్రేలియా సునాయాసంగా గెలిచింది. అమెరికా బేస్‌బాల్ లీగ్ 2017 ఆగస్టు చివరి వారంలో ఇదే పని మూడు రోజుల పాటు చేసింది. సియాటెల్ ఆటగాడు కైల్ సీగర్ తన వీపు మీద ‘కోరీస్ బ్రదర్’ అని రాయించుకున్నాడు. కోరీ అతని తమ్ముడే. లాస్ ఏంజెలెస్ జట్టులో అప్పటికే అన్నను మించిన పేరు తెచ్చుకున్నాడు. ఎవరో వెక్కిరించేలోపు అన్న తానే ఆ మాట అనేసుకుని నవ్వించాడు.

టీవీలో కనిపించే జట్లకు అది సరదా. ఆదివారం పొద్దున్నే టర్ఫ్ అద్దెకు తీసుకుని టెన్నిస్ బంతితో ఆడుకునే మిత్రబృందానికి మాత్రం అవసరం. మన దగ్గర పన్నెండు మంది పోగైతే అందులో ముగ్గురు సాయిలు, ఇద్దరు శీనులు ఉంటారు. ‘సాయీ, క్యాచ్!’ అని అరిస్తే ముగ్గురూ పరుగెడతారు, లేదా ముగ్గురూ నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఈ చిక్కుకు ఊళ్లలో పాత విరుగుడు ఒకటుంది: నల్ల శీను, పొట్టి శీను, బోడి సాయి.

చొక్కా మీదికి ఎక్కించకూడనివి సరిగ్గా అవే. చిన్నప్పటి స్నేహితుడు ‘ఒరేయ్ పొట్టీ’ అంటే శీను పలుకుతాడు, ఆ మాట గాలికి పోతుంది. వీపు మీద అచ్చయిన మాట అతనితో పాటు ఇంటికి వెళ్తుంది. దండెం మీద ఆరుతుంది, కూతురు కూడబలుక్కుని చదువుతుంది, అవతలి జట్టులో ముక్కూమొహం తెలియనివాడు ఆ పేరుతోనే కేకేస్తాడు. గ్లెన్ మెక్‌గ్రాత్ కాళ్లు సన్నగా ఉంటాయని తోటివాళ్లు ‘పిజన్’ అన్నారు, ఆయన ఆడినన్నాళ్లూ మోశాడు. నిజమే. కానీ ఆయనకు టెస్టుల్లో 563 వికెట్లున్నాయి. ఆదివారం ఆటగాడికి అంత గొడుగు లేదు.

అందుకని రంగు, ఎత్తు, బొజ్జ, జుట్టు, యాస, కులం, పోయిన ఉద్యోగం, కాని పెళ్లి వంటివి పక్కన పెట్టేస్తే మిగిలేది ఆటలోని అలవాటు. అక్కడ సరుకుకు కొదవ లేదు. రాహుల్ ద్రవిడ్‌కు ‘జామీ’ అన్న పేరు వాళ్ల నాన్న కిసాన్ జామ్ కంపెనీలో పనిచేయడం వల్ల వచ్చింది. పాంటింగ్‌ను ‘పంటర్’ చేసింది కుక్కల పందేల మీద అతని మోజు. ఇలాంటి పేర్లకు వెనక ఒక చిన్న కథ ఉంటుంది, ఆ కథ చెబుతున్నప్పుడు పేరుగలవాడూ నవ్వగలడు.

ఒక ఊహా బృందాన్ని తీసుకుందాం. పన్నెండు మంది, ఆదివారం ఆరింటికి ఆట. ఒకాయన ఆరున్నరకు ఫోన్ చేసినా ‘దారిలో ఉన్నా’ అంటాడు, వెనక బాత్రూంలో నీళ్ల చప్పుడు వినిపిస్తుంటుంది. ఆయన పేరు ‘దారిలో ఉన్నా’. గల్లీ క్రికెట్ రోజుల నుంచీ సొంత బ్యాట్ తెచ్చి, ఆ హక్కుతో ముందుగా దిగేవాడు ‘బ్యాట్ నాదే’. వైడ్లు ఆపలేని బౌలర్ ‘బేబీ ఓవర్’: వైడ్లు మితిమీరితే ఓవర్‌ను మూడు బంతులకే కట్టేసే గల్లీ నియమం తెలిసినవాళ్లకు ఇది చాలు. నాన్‌స్ట్రైకర్‌ను సగం దారిలో వదిలేసేవాడు ‘రా... వద్దు!’. టర్ఫ్ డబ్బులు వసూలు చేసే పెద్దమనిషి ‘ఫోన్‌పే చెయ్’. ఒక్కొక్కటీ రెండు మూడు మాటలే, ఒక్కొక్కటీ ఆ మనిషి చేసే పనే.

ఇక ‘ఆటలో అరటిపండు’. ప్రతి బృందంలోనూ ఎవరో ఒకరి నోటికి ఈ పేరు వచ్చి తీరుతుంది. కొత్తగా చేరి, బ్యాట్ సరిగ్గా పట్టుకోవడం రాని కుర్రాడికి ఇస్తే ‘నువ్వు లెక్కలోకి రావు’ అని అచ్చేసి ఇచ్చినట్టే. అదే పేరు జట్టులో అందరికంటే బాగా ఆడే కెప్టెన్ వీపు మీద ఉంటే మైదానమంతా నవ్వుతుంది. బలహీనుడిని తక్కువ చేసే పేరును బలవంతుడు తీసుకోవచ్చు, పైనుంచి కిందికి మాత్రం ఇవ్వకూడదు.

పేర్లు ఖాయం చేసే పని వాట్సాప్ గ్రూపులో పెడితే చెడుతుంది. అక్కడ అందరూ నవ్వుతున్న బొమ్మలు పెడుతుంటే వద్దనే ధైర్యం ఎవరికీ రాదు. జెర్సీల పని చూసే ఒక్కరికి తలా ఒకటి రెండు పేర్లు పంపాలి. అతను ఒక్కొక్కరికి విడిగా మూడేసి చూపించాలి, మూడూ వద్దంటే కారణం అడగకూడదు. సొంత పేరు పెట్టుకుంటానంటే అంతకంటే మేలు లేదు. తేడా కొట్టిందని తెలిసేది మాటల్లో కాదు. మూడో ఆదివారానికీ ఒకాయన పాత టీషర్టులోనే వచ్చి ‘ఉతకడానికేశా’ అంటుంటే, ఆ పేరు మార్చాలి.

తరువాత ప్రింటింగ్. జెర్సీలకు రెండు పద్ధతులున్నాయి. సబ్లిమేషన్‌లో తెల్ల పాలిస్టర్ గుడ్డ మీద డిజైన్, పేరు, నంబర్ అన్నీ కలిపి సుమారు 200 డిగ్రీల వేడితో ఎక్కిస్తారు, ఆ తరువాత కుడతారు. రంగు దారంలోకే ఇంకుతుంది కాబట్టి ఊడదు. కానీ పేరు మార్చాలంటే కొత్త జెర్సీయే. రెండోది వినైల్. ప్లాస్టిక్ పొరను అక్షరాలుగా కత్తిరించి, హీట్ ప్రెస్‌తో కుట్టిన జెర్సీకి అతికిస్తారు. ఇస్త్రీ పెట్టె నేరుగా తగిలినా, వేడినీళ్లలో ఉతికినా అంచులు లేస్తాయి. ఎర్ర పాలిస్టర్ మీద మామూలు తెల్ల వినైల్ వేస్తే కొన్నాళ్లకు అక్షరాలు గులాబీ రంగుకు తిరగొచ్చు, గుడ్డలోని రంగు పొరలోకి ఎక్కుతుంది. రంగును ఆపే వినైల్ వేరే దొరుకుతుంది, అడగాలి.

తెలుగులో వేయిస్తే ఇంకో జాగ్రత్త. ఫోన్లో టైపు చేసిన పేరును షాపువాళ్లు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చేటప్పుడు వత్తులు విడిపోవచ్చు, ‘అయ్యో’ కాస్తా ‘అయ్‌యో’ అవుతుంది. డిజైన్ ఓకే చెప్పే ముందు బొమ్మగా తెప్పించుకుని అక్షరం అక్షరం చూసుకోవాలి. వత్తు కిందికి దిగుతుంది కాబట్టి పేరుకూ నంబర్‌కూ మధ్య జాగా ఎక్కువ వదలమనాలి. సన్నటి మెలికలున్న ఫాంట్ వినైల్లో కత్తిరించేటప్పుడు చిరుగుతుంది. లావు అక్షరాలే వేయించాలి, ఇరవై గజాల నుంచి కనబడేదీ అవే.

పన్నెండు మందికి పద్నాలుగు జెర్సీలు చెప్పండి. అదనపు రెండింటి మీద నంబర్ మాత్రం వేయించి, పేరు చోటు ఖాళీగా ఉంచండి. కొత్తగా చేరినవాడు నాలుగు వారాలు ఆడాక అతని అలవాటు అతనే చూపిస్తాడు. అప్పుడు అతన్నే అడిగి వినైల్‌తో పేరు వేయించవచ్చు.