పదహారు తీసి ముప్ఫై రెండు వేస్తే?

ఆదివారం ఉదయం, ఇంటినిండా చుట్టాలు. ఇండక్షన్ పొయ్యి మీద ఇడ్లీ, కెటిల్‌లో కాఫీకి నీళ్లు, మైక్రోవేవ్‌లో రాత్రి మిగిలిన కూర, మిక్సీలో పల్లీ చట్నీ. కాసేపటికి వంటింట్లో కరెంటు పోయింది. బోర్డులో ఎంసీబీ పడిపోయింది. పైకి ఎత్తితే మళ్లీ పడింది. చూడటానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ‘పదహారు తీసి ముప్ఫై రెండు వేస్తే సరి, ఇక పడదు’ అన్నాడు. పడదన్న మాట నిజమే. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది.

ముందు లెక్క చూద్దాం. వస్తువు వాడే వాట్లను సరఫరా వోల్టులతో భాగిస్తే అది లాగే కరెంటు ఆంపియర్లలో వస్తుంది. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. కాబట్టి 1,500 వాట్ల కెటిల్ లాగేది 6.5 ఆంపియర్లు. అమెరికాలో సాకెట్‌కు వచ్చేది 120 వోల్టులే కనుక, అక్కడి మన పిల్లల ఇంట్లో అంతే వాట్ల కెటిల్ 12.5 ఆంపియర్లు లాగుతుంది. వాట్లు మాత్రమే చూసి బ్రేకర్ ఎంచకూడదనడానికి ఇదే కారణం.

ఇప్పుడు మన వంటిల్లు. ఇండక్షన్ 2,000 వాట్లు, కెటిల్ 1,500, మైక్రోవేవ్ 1,200, మిక్సీ 750. మైక్రోవేవ్ దగ్గర కొంచెం జాగ్రత్త అవసరం. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసే 800 వాట్లు వంటకు అందే శక్తి. లైను నుంచి లాగేది ఎంతో వెనక అంటించిన రేకు మీద ఉంటుంది, లెక్కకు అదే తీసుకోవాలి. నాలుగూ కలిపితే 5,450 వాట్లు. 230తో భాగిస్తే సుమారు 23.7 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోక ఏం చేస్తుంది?

అయితే 16 దాటగానే అది టక్కున పడదు. ప్రమాణాల ప్రకారం ఎంసీబీ తన రేటింగుకు 1.13 రెట్ల కరెంటు పోతున్నా గంటసేపు పడకుండా నిలబడాలి. 1.45 రెట్లకు చేరితే మాత్రం గంటలోపు పడి తీరాలి. మన లోడు దాదాపు ఒకటిన్నర రెట్లు. అందుకే పొయ్యి వెలిగించగానే కాకుండా కాసేపటికి పడింది. ఆలస్యంగా పడితే సాధారణంగా లోడు ఎక్కువైనట్టు. స్విచ్ వేయగానే పడితే ఎక్కడో షార్ట్ అయిందేమో చూడాలి.

మరి 32 వేస్తే ఏమవుతుంది? గోడలో పైపు గుండా పోయే వైరును చూడాలి. ఇళ్లలో పవర్ సాకెట్లకు సాధారణంగా వేసేది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. మన ఎండాకాలపు 40 డిగ్రీల వేడిలో అది సురక్షితంగా మోయగలిగేది సుమారు 21 ఆంపియర్లు. అదే పైపులో వేరే సర్క్యూట్ల వైర్లూ ఉంటే ఇంకా తక్కువ. 32 ఆంపియర్ల ఎంసీబీ 36 ఆంపియర్లు పోతున్నా గంటసేపు కదలకపోవచ్చు. ఆ గంటా కాలేది వైరే. పైన పూత మెత్తబడి, పెళుసెక్కి, చివరికి నిప్పంటుకోవచ్చు. ఇదంతా గోడ లోపల జరుగుతుంది కాబట్టి మనకు కనిపించదు. సాకెట్ వేడెక్కడం, ప్లాస్టిక్ కాలిన వాసన రావడం ముందుగా తెలిసే గుర్తులు.

కాబట్టి రేటింగు రెండు హద్దుల మధ్య ఉండాలి: లోడు లాగే కరెంటు కన్నా ఎక్కువ, వైరు మోయగలిగేదాని కన్నా తక్కువ. ఎక్కువసేపు నడిచే లోడుకు పావు వంతు అదనంగా కలుపుకోవడం మంచి అలవాటు. అలా చూస్తే 23.7కి 29.6 వస్తుంది, అంటే 32 ఆంపియర్ల ఎంసీబీ. దానికి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు కావాలి. వైరు మార్చినా, సాకెట్లు ఇంకా 16 ఆంపియర్లవే. ఒక్క సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి అన్నీ దానికే పెడితే సాకెట్ మాడుతుంది, ఎంసీబీ చూస్తూ ఊరుకుంటుంది.

దీనికన్నా లోడు విడదీయడం మేలు. ఇండక్షన్, మిక్సీ ఒక సర్క్యూట్. కెటిల్, మైక్రోవేవ్ ఇంకొకటి. మొదటిది 2,750 వాట్లు, సుమారు 12 ఆంపియర్లు. రెండోది 2,700, అదీ దాదాపు అంతే. పావు వంతు కలిపినా 15 దాటవు. రెండింటికీ విడివిడిగా 2.5 వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ సరిపోతాయి. మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక, మిక్సీ ఉన్న సర్క్యూట్‌కు ‘సి’ రకం తీసుకోవాలి.

ఎంసీబీ కాపాడేది వస్తువును కాదు, వైరును. అది మాటిమాటికీ పడుతుంటే పెద్దది వేయమని అడగకండి. ‘లోపల ఉన్న వైరు ఎంతది?’ అని అడగండి.