సి.ఆర్. పంచిన ఆరు వందల కార్డులు

సెకండియర్ ఎంబీబీఎస్ ఫార్మకాలజీ క్లాసు అయిపోయి సార్ బయటికి వెళ్లగానే సి.ఆర్. డయాస్ ఎక్కింది. "లంచ్‌కి పరుగెత్తకండి, రెండే నిమిషాలు" అంది. ఫైనల్ పరీక్షలకు ఇంకా నెల ఉంది. అప్పటికే క్లాసు గ్రూపులో ఒక ఫైలు పెట్టింది. అందులో ఆరుగురు కలిసి తయారుచేసిన 600 ఫ్లాష్‌కార్డులున్నాయి. వాటిని తెరిచేది అంకీ అనే యాప్. 2006 నుంచీ వాడుకలో ఉన్న ఈ యాప్‌కు మెడికోల్లో అభిమానులు ఎక్కువ. ఆండ్రాయిడ్‌లో, కంప్యూటర్లో ఉచితం. ఐఫోన్‌లో మాత్రం కొనుక్కోవాలి. "ఐఫోన్ వాళ్లు డబ్బు పెట్టక్కర్లేదు, బ్రౌజర్‌లో ఫ్రీగా చూసుకోవచ్చు" అని ఆమె ముందే చెప్పేసింది.

ఇలాంటి డెక్‌లు పంచడం కొత్త కాదు. పంచేవాళ్లు సాధారణంగా లింకు ఇచ్చి, ఆల్ ది బెస్ట్ చెప్పి ఊరుకుంటారు. ఈమె మాత్రం ఒక కార్డును బోర్డు మీద రాసి చూపించింది.

మొదట రాసింది పనికిరాని కార్డు: "టీబీ మందుల దుష్ఫలితాలు ఏవి?" దీనికి జవాబు నాలుగు మందుల జాబితా. చదివేవాడికి మూడు గుర్తొచ్చి ఒకటి రాకపోతే అది వచ్చినట్టా, రానట్టా? వచ్చిందని తనను తాను ఒప్పించుకుని ముందుకు పోతాడు. ఆ నాలుగోది ఎప్పటికీ రాదు. అందుకే డెక్‌లో ఆ ఒక్క ప్రశ్నను విడగొట్టారు. "ఇథాంబ్యుటాల్ ఏ నరాన్ని దెబ్బతీస్తుంది?" కంటి నరాన్ని. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోవడం దానికి తొలి సూచన. "ఐసోనియాజిడ్‌తో చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కకుండా ఏ విటమిన్ ఇస్తారు?" బి6. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగుకు మారడం ఇంకో కార్డు, పైరజినమైడ్‌తో రక్తంలో యూరిక్ యాసిడ్ పెరగడం మరొకటి. ఒక కార్డుకు ఒకే జవాబు కాబట్టి, వచ్చిందో రాలేదో తేల్చుకోవడంలో మొహమాటం ఉండదు.

తర్వాత బటన్ల సంగతి. కార్డు వెనక్కి తిప్పాక Again, Hard, Good, Easy అని నాలుగు కనిపిస్తాయి. జవాబు మరిచిపోయినప్పుడు Hard నొక్కడం చాలామంది చేసే పొరపాటు. Hard అంటే కష్టపడ్డా గుర్తొచ్చిందని యాప్ లెక్క. అందుకే ఆ కార్డును వెంటనే తిరిగి చూపకుండా ఇంకాస్త దూరం జరుపుతుంది. "రాకపోతే Again నొక్కండి, సిగ్గుపడటానికి ఎవరూ చూడట్లేదుగా" అంటే వెనక బెంచీలు నవ్వాయి.

యాప్ మామూలుగా రోజుకు 20 కొత్త కార్డులు చూపిస్తుంది. ఆ లెక్కన 600 పూర్తయ్యేసరికి 30 రోజులు పడుతుంది. అంటే చివరి 20 కార్డులను పరీక్ష ముందురోజే తొలిసారి చూస్తారు. సెట్టింగ్‌లో దాన్ని 30కి మార్చమందామె. 20 రోజుల్లో కొత్తవి అయిపోతాయి, మిగతా పది రోజులు మరిచిపోయినవాటికే. ఒక్కరోజు మానేస్తే ఆనాటి పాత కార్డులు మర్నాటి వాటితో కలిసి వచ్చి పడతాయన్న సంగతీ దాచలేదు.

ఇంత శ్రమ ఎందుకు, నోట్సే మళ్లీ చదువుకోవచ్చుగా అనిపించడం సహజం. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీన్నే పరీక్షించారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత అడిగేసరికి, పుస్తకం చూడకుండా గుర్తుచేసుకుంటూ నేర్చుకున్నవాళ్లు ముందున్నారు.

పంచుకున్న డెక్‌లో అసలు ప్రమాదం తప్పు కార్డు. ఒకరి నోట్సులో తప్పుంటే ఒకరే నష్టపోతారు, ఇక్కడ క్లాసంతా ఆ తప్పునే శ్రద్ధగా కంఠతా పడుతుంది. అందుకని ఎవరి ఫోన్లో వాళ్లు దిద్దుకోవద్దని, పుస్తకం పేజీ ఫొటోతో తనకే పంపమని కోరింది. ఆమె అసలు డెక్‌లో సరిచేసి కొత్త ఫైలు పెడుతుంది. దాన్ని మళ్లీ దింపుకుంటే కార్డులోని మాట మారుతుంది, ఎవరు ఎంతవరకు చదివారన్న లెక్క చెక్కుచెదరదు. ఎగుమతి చేసేటప్పుడు తన చదువు లెక్కను ఫైలులో చేర్చకుండా ఆ టిక్ తీసేశానని కూడా చెప్పింది. తీయకపోతే, ఆమెకు బాగా వచ్చేసిన కార్డులు మిగతావాళ్లకూ వచ్చేసినట్టే నమోదై, వారాల తరబడి కనిపించవు.

"మరి ఎస్సే ప్రశ్నలో?" అని ఒకడు అడిగాడు.

"ఎస్సేని ఇది రాయదు. టీబీ చికిత్స మొత్తం వరసగా రాయమంటే కార్డుల్లోంచి ముక్కలొస్తాయి, వరస రాదు. అది కాగితం మీద రాసి చూసుకోవాల్సిందే. ఇంకోటి, చాప్టర్ చదవకముందు ఆ చాప్టర్ కార్డులు తెరవకండి. చాప్టర్ల వారీగా విడగొట్టే పెట్టాం" అని డయాస్ దిగింది.