ఇల్లు లేవకముందే మొదలయ్యే వడ్డీ

కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు బ్యాంకు రుణం మంజూరు చేసినా డబ్బంతా ఒకేసారి ఇవ్వదు. పునాది పూర్తయ్యాక కొంత, శ్లాబులు పడ్డాక కొంత, గోడలు లేచాక కొంత, ఇలా పని జరిగే కొద్దీ విడతలుగా బిల్డరుకు చెల్లిస్తుంది. ఆఖరి విడత వెళ్లి అసలు ఈఎంఐ మొదలయ్యేదాకా, అప్పటికి విడుదలైన సొమ్ము మీద మాత్రమే నెలనెలా వడ్డీ వసూలు చేస్తుంది. దీన్నే ప్రీ-ఈఎంఐ అంటారు.

ఒక లెక్క వేసి చూద్దాం. రుణం 40 లక్షలు, వడ్డీ ఏడాదికి 9 శాతం, గడువు 20 ఏళ్లు. ఆరు నెలలకోసారి 10 లక్షల చొప్పున విడుదలవుతుందనుకుందాం. మొదటి ఆరు నెలలు నెలకు రూ.7,500 కట్టాలి. రెండో విడతతో అది రూ.15,000, మూడో విడతతో రూ.22,500 అవుతుంది. ఏడాదిన్నర తర్వాత నాలుగో విడత, ఇంటి తాళాలు రెండూ వస్తే, సుమారు రూ.36,000 పూర్తి ఈఎంఐ మొదలవుతుంది.

ఈలోగా కట్టినది మొత్తం రూ.2,70,000. అదంతా వడ్డీకే పోయింది. అసలు 40 లక్షల్లో ఒక్క రూపాయి తగ్గలేదు, 20 ఏళ్ల ఈఎంఐ లెక్క అప్పుడే మొదలవుతుంది.

అసలు దెబ్బ పని ఆగిపోయినప్పుడు తగులుతుంది. మూడో విడత తర్వాత కట్టుబడి ఏడాది ఆలస్యమైతే, నెలకు రూ.22,500 చొప్పున మరో రూ.2,70,000 వడ్డీ పడుతుంది. పైగా ఉన్న ఇంటికి అద్దె కట్టక తప్పదు. ఆలస్యం బిల్డరుదే అయినా బ్యాంకు వడ్డీ ఆపదు. అయితే, ఒప్పందంలో రాసిన తేదీకి ఇల్లు అప్పగించకపోతే, కొనుగోలును రద్దు చేసుకోని వారికి ఆలస్యమైన ప్రతి నెలకూ బిల్డరు వడ్డీ చెల్లించాలని రెరా చట్టం చెబుతోంది. బిల్డరు ఇవ్వకపోతే రాష్ట్ర రెరాకు ఫిర్యాదు చేయవచ్చు.

అద్దె భారం లేనివారికి మరో దారి ఉంది. కొన్ని బ్యాంకులు మొదటి విడత నుంచే పూర్తి ఈఎంఐ కట్టనిస్తాయి. పై లెక్కలో మొదటి నెల రూ.36,000 కడితే రూ.7,500 వడ్డీకి పోయి, మిగిలిన రూ.28,500 అసలుకు జమ అవుతుంది. ఇలా ఏడాదిన్నర కడితే మొత్తం సుమారు రూ.6.48 లక్షలు అవుతుంది. అంటే ప్రీ-ఈఎంఐ కంటే దాదాపు రూ.3.78 లక్షలు ఎక్కువ. కానీ నాలుగో విడత విడుదలయ్యే నాటికి బాకీ 40 లక్షలకు బదులు సుమారు 35.9 లక్షలే ఉంటుంది. మంజూరు పత్రం మీద సంతకం పెట్టకముందే ఈ సదుపాయం ఉందో లేదో అడగాలి.

ఏ దారి ఎంచుకున్నా, ప్రతి విడత తర్వాత రుణ ఖాతా స్టేట్‌మెంట్ చూడాలి. వడ్డీ లెక్క సొమ్ము నిజంగా విడుదలైన రోజు నుంచే మొదలుకావాలి. మంజూరైన తేదీ నుంచి, లేదా నెల మధ్యలో డబ్బిచ్చి నెలంతటికీ వడ్డీ వేయడాన్ని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో తప్పుపట్టింది. నెల 20న 10 లక్షలు వెళితే, 30 రోజుల నెలలో పడాల్సింది 11 రోజుల వడ్డీ, అంటే దాదాపు రూ.2,712. స్టేట్‌మెంట్‌లో రూ.7,500 కనిపిస్తే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, తేడా వెనక్కి అడగండి.