వడ్డీ ఖర్చు, డివిడెండు లాభం: అప్పు వైపు మొగ్గిన పన్ను లెక్క

ఒక కుటుంబానికి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా నడుస్తున్న రైస్ మిల్లు ఉందనుకుందాం. కొత్త బాయిలర్‌కు, బియ్యం రంగు చూసి ఏరే సార్టెక్స్ యంత్రానికి యజమాని కోటి రూపాయలు సొంత డబ్బు తెచ్చాడు. ఆడిటర్ అడిగే మొదటి ప్రశ్న: ‘‘సార్, దీన్ని షేర్ క్యాపిటల్‌లో వేద్దామా, మీ పేరున అన్‌సెక్యూర్డ్ లోన్‌గా చూపిద్దామా?’’ డబ్బు అదే, మిల్లూ అదే. పద్దు మారితే పన్ను మాత్రం మారిపోతుంది.

ఆ డబ్బు మీద మిల్లుకు ఏటా 12 లక్షలు మిగులుతోందనుకుందాం. వాటాగా పెడితే అదంతా లాభమే. కంపెనీ 22 శాతం రేటును ఎంచుకుంటే సర్‌చార్జి, సెస్సుతో కలిపి దాదాపు 25.17 శాతం, అంటే 3.02 లక్షలు పన్ను కట్టాలి. మిగిలిన 8.98 లక్షలను డివిడెండుగా తీసుకుంటే, 2020 ఏప్రిల్ నుంచి ఆ డివిడెండు మీద వాటాదారుడూ తన శ్లాబు ప్రకారం పన్ను కట్టాలి. యజమాని 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో మరో 2.80 లక్షలు పోతాయి. చివరికి చేతికి వచ్చేది 6.18 లక్షలు.

అదే కోటిని 12 శాతం వడ్డీకి అప్పుగా ఇస్తే, ఆ 12 లక్షలు కంపెనీ ఖర్చు కింద పోతాయి. దాని మీద కంపెనీకి పన్ను లేదు. యజమాని తన వడ్డీ ఆదాయం మీద 3.74 లక్షలు కడతాడు, 8.26 లక్షలు మిగులుతాయి. తేడా ఏడాదికి రెండు లక్షల పైమాటే.

చట్టం ఇలా విడదీయడానికి కారణం ఉంది. అప్పిచ్చినవాడు బయటివాడు. మిల్లు నష్టపోయినా అతనికి వడ్డీ కట్టాల్సిందే. కాబట్టి కరెంటు బిల్లు, కూలీల జీతాల్లాగే అది లాభం తేలకముందు పెట్టే ఖర్చు. డివిడెండు అలా కాదు. లాభం తేలాక యజమానులు పంచుకునేది, పంచుకోకపోయినా అడిగేవాడు లేడు. ఆర్థికవేత్తలు దీన్ని ఒప్పుకోరు. వాటాదారుడూ ప్రతిఫలం ఆశించే డబ్బు పెట్టాడు, ఆ ప్రతిఫలం కూడా పెట్టుబడికయ్యే ఖర్చే కదా అంటారు. అమెరికాలో 1909 నాటి చట్టం కంపెనీలకు వడ్డీ మినహాయింపును మూలధనంతో ముడిపెట్టి పరిమితం చేసింది. మొదటి ప్రపంచయుద్ధపు అధిక లాభాల పన్ను భారం చూసి 1918లో పూర్తి మినహాయింపు ఇచ్చారు. 1921లో ఆ పన్ను రద్దయింది, మినహాయింపు ఉండిపోయింది.

అయితే అప్పు ప్రతిసారీ లాభసాటి కాదు. మన మిల్లు యజమాని డివిడెండు తీసుకోకుండా లాభాన్ని కంపెనీలోనే ఉంచితే ఆ ఏడాది పన్ను 3.02 లక్షలతో సరి. వడ్డీ తీసుకుంటే 3.74 లక్షలు. అంటే డబ్బు బయటికి తీసేవాడికే అప్పు దారి కలిసొస్తుంది. వడ్డీ రేటు ఇష్టమొచ్చినంత పెంచడానికీ లేదు. సొంతవాళ్లకు బజారు రేటుకు మించి ఇచ్చారనిపిస్తే ఆ అదనపు భాగాన్ని పన్ను అధికారి ఖర్చుగా ఒప్పుకోకపోవచ్చు.

ఈ కోటిని బ్యాంకు చూసే తీరు ఇంకో రకం. మిల్లుకు లోన్ ఇచ్చేటప్పుడు, తమ బాకీ తీరేదాకా డైరెక్టర్ల అన్‌సెక్యూర్డ్ లోన్ వెనక్కి తీసుకోకూడదని తరచూ షరతు పెడుతుంది, దాన్ని దాదాపు సొంత పెట్టుబడిగానే లెక్కేస్తుంది. పన్ను కాగితాల్లో అప్పు, బ్యాంకు కాగితాల్లో మూలధనం.

ఇదే ఎత్తుగడ విదేశీ కంపెనీల దగ్గర పెద్ద ఎత్తున సాగుతుంది. మాతృసంస్థ ఇక్కడి అనుబంధ కంపెనీకి వాటా తక్కువ, అప్పు ఎక్కువ ఇచ్చి, లాభాన్ని వడ్డీ పేరుతో బయటికి పంపుతుంది. అందుకే 2017లో మన చట్టం గీత గీసింది. విదేశీ సంబంధిత సంస్థలకు కట్టే వడ్డీ కోటి రూపాయలు దాటితే, వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు ఉన్న ఆదాయంలో 30 శాతం వరకే మినహాయింపు. మిగిలినదాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు. మన రైస్ మిల్లుకు ఈ గీత వర్తించదు.

అసలు నష్టం బయటపడేది గడ్డుకాలంలో. ధాన్యం దొరక్క మిల్లు ఆదాయం 5 లక్షలకు పడిపోతే, యజమాని తన వడ్డీని వదులుకోగలడు. ఆ 12 లక్షలు బ్యాంకుకు కట్టాల్సినవైతే వాయిదా తప్పుతుంది, తొంభై రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. పైగా నష్టం వచ్చిన ఏడాది పన్నే ఉండదు కాబట్టి, ఏ మినహాయింపు చూసి అప్పు చేశారో అది అక్కరకు రాదు, ముందు ఏళ్లకు మోసుకెళ్లడమే.

తేడా తీసేయాలంటే రెండే దారులు. వడ్డీ మినహాయింపును తొలగిస్తే ఇప్పటికే అప్పుల్లో ఉన్న కంపెనీలు కుదేలవుతాయి. వాటా పెట్టుబడికీ ఊహాత్మక వడ్డీ మినహాయింపు ఇస్తే ఖజానాకు గండి పడుతుంది. బెల్జియం 2006లో ఈ రెండో దారి పట్టింది, తర్వాత కోస్తూ వచ్చి 2023లో ఎత్తేసింది.